లింక్డిన్, వాట్సాప్, ఈమెయిల్: ఆరేళ్ల వాడకం తర్వాత ఒక రిక్రూటర్ మాట

హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడం నా పని. ఆరేళ్లుగా పొద్దున్న లేస్తే లింక్డిన్, వాట్సాప్, ఈమెయిల్. మొదట్లో ఒకటే మెసేజ్ రాసుకుని మూడు చోట్లా పేస్ట్ చేసేదాన్ని. ఇప్పుడు అదే విషయాన్ని మూడు రకాలుగా రాస్తున్నాను. ఆ మెసేజ్ ఎక్కడ తెరుచుకుంటుంది, పక్కన ఎవరుంటారు, రేపు దాన్ని ఎవరికి చూపిస్తారు అన్నదాన్ని బట్టి మాట మారాలని నాకు దెబ్బలు తిన్నాకే తెలిసింది.

ముక్కూమొహం తెలియని మనిషిని పలకరించడానికి లింక్డిన్ అంత మంచి చోటు నాకు దొరకలేదు. నేనెవరో ప్రొఫైల్ చూస్తే తెలిసిపోతుంది కాబట్టి పరిచయానికి నాలుగు లైన్లు ఖర్చు చేయక్కర్లేదు. ‘డియర్ క్యాండిడేట్, గ్రీటింగ్స్ ఆఫ్ ది డే’ అని మొదలుపెడితే వందమందికి పంపిన మెసేజ్ అని ఇట్టే పట్టేస్తారు. రాకెట్టు, నిప్పు ఎమోజీలు పెట్టినా అంతే. నేను రాసేది ఇంగ్లిష్‌లోనే గానీ, తెలుగులో చెబితే ఈ మాదిరిగా ఉంటుంది: ‘నమస్తే అండీ. పేమెంట్స్ టీమ్‌లో జావా మీద ఐదేళ్లు పనిచేశారని ప్రొఫైల్‌లో చూశాను. గచ్చిబౌలిలో అలాంటి పనికే ఒకరు కావాలి, వారానికి మూడు రోజులు ఆఫీసు. వివరాలు పంపమంటారా, ఇప్పుడు మారే ఆలోచన లేదా?’ ఆ చివరి ముక్క కావాలనే పెడతాను. ‘లేదండీ’ అనడానికి దారి చూపిస్తే జవాబు వస్తుంది. లింక్డిన్‌లో పరిచయం లేనివాళ్లకు క్రెడిట్ ఖర్చుపెట్టి పంపే మెసేజ్‌ని ఇన్‌మెయిల్ అంటారు. దానికి 90 రోజుల్లోపు ఏ జవాబు వచ్చినా, వద్దన్నా సరే, ఖర్చయిన క్రెడిట్ వెనక్కి వస్తుంది.

వాట్సాప్‌లో నేను తిన్న దెబ్బలే ఎక్కువ. తెలియని నంబర్ నుంచి ఉద్యోగం గురించి మెసేజ్ వస్తే ఈ రోజుల్లో ఎవరైనా మోసమేమో అనుకుంటారు. వాళ్ల తప్పేం లేదు, అలా డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. అందుకే ‘వాట్సాప్ చేయవచ్చా అండీ?’ అని ముందు లింక్డిన్‌లోనో ఫోన్‌లోనో అడిగాకే ఇక్కడికి వస్తాను. ఇంటర్వ్యూ టైము, లొకేషన్, ‘గేటు దగ్గర ఐడీ కార్డు అడుగుతారు’ లాంటి మాటలకు ఇదే సుఖం. ఇక్కడ ‘అండీ’ చాలు. మెయిల్లో మామూలుగా కనిపించే ‘డియర్’ వాట్సాప్‌లో ఒక అమ్మాయి పేరు ముందు పడితే వేరేగా వినిపిస్తుంది. మా టీమ్ కుర్రాడొకరు అలాగే రాస్తే అవతలి అమ్మాయి ఇబ్బందిపడి ఇంటర్వ్యూకే రాలేదు. గుండె గుర్తు కూడా అందుకే వాడను. 🙏, 🙂 ఈ రెండే, అదీ వాళ్లు ముందు ఎమోజీ వాడితేనే.

ఇంకో ముప్పు లాక్ స్క్రీన్. ఒకసారి సంబరంగా ‘ఆఫర్ రెడీ 🎉’ అని పంపాను. ఆ అబ్బాయి ఫోన్ టేబుల్ మీద ఉంది, పక్కనే వాళ్ల టీమ్ లీడ్. రాజీనామా ఇవ్వకముందే విషయం బయటపడిపోయింది. నాకు ఫోన్ చేసినప్పుడు అతని గొంతులో కంగారు ఇంకా గుర్తుంది. అప్పటినుంచి ఆఫీసు వేళల్లో ‘వీలున్నప్పుడు ఒకసారి కాల్ చేయండి’ అంతే, ఆఫర్ అన్న మాటే ఉండదు.

ఇక 👍. ఒకతనికి జీతం, చేరాల్సిన తేదీ వాట్సాప్‌లో రాశాను. బొటనవేలు వచ్చింది. ఒప్పుకున్నాడని మేనేజర్‌కి చెప్పేశాను, మిగతా ఇద్దరినీ వద్దన్నాం. ఎనిమిదో రోజు అడిగితే ‘చూశానని పెట్టానండీ, ఇంకా ఆలోచిస్తున్నా’ అన్నాడు. అతను అబద్ధమాడలేదు. ఆ గుర్తుకు మా ఇద్దరి దగ్గరా వేర్వేరు అర్థాలున్నాయి. మళ్లీ మొదటి నుంచి వెతకడానికి నెలన్నర పట్టింది.

ఆ దెబ్బతో డబ్బు, తేదీ ఉన్న ప్రతి మాటా ఈమెయిల్‌కి మార్చాను. ఆఫర్ మెయిల్‌ని ఇంట్లో చూపిస్తారు, ఇంకో కంపెనీతో బేరానికి వాడతారు, మా ఫైనాన్స్‌కీ వెళ్తుంది. అందుకే సబ్జెక్ట్‌లో ఉద్యోగం పేరు, లోపల సీటీసీలో ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత, నోటీసు 90 రోజులైతే చేరే తేదీ ఏది, అన్నీ విడివిడిగా రాస్తాను. ఎమోజీ ఒక్కటీ ఉండదు. చిరునవ్వు కూడా వద్దు: ఔట్‌లుక్‌లో :) అని కొడితే అది గుర్తుగా మారి, కొన్ని చోట్ల తెరిచినప్పుడు ఒంటరి J అక్షరంగా కనిపిస్తుంది. జీతం వాక్యం చివర ఆ J ఏమిటని నన్ను అడిగినవాళ్లున్నారు.

మెయిల్ చివరి లైను మాత్రం ఎప్పుడూ ఒకటే: ‘ఈ జీతానికి, ఈ తేదీకి చేరడం సమ్మతమైతే ఆ మాట వాక్యంగా రాసి ఈ మెయిల్‌కే జవాబివ్వండి.’ ఆ వాక్యం వచ్చాక వాట్సాప్‌లో నేనే ముందుగా 🙂 పెడతాను.