వాలీబాల్ మ్యాచ్‌లు ఫోన్‌లో తీసి, క్లిప్పులు గుర్తు పెట్టుకుంటూ ఏడాది: మా జట్టు అనుభవం

మాది ఊరి జట్టు. కోచ్ లేడు. సంక్రాంతి పోటీల్లో వరసగా రెండేళ్లు మొదటి రౌండ్‌లోనే ఓడిపోయాక, మ్యాచ్‌లన్నీ ఫోన్‌లో తీసి చూసుకోవాలనుకున్నాం. ఏడాదికి పైగా వాడాక రాస్తున్నాను. ఖర్చు ఒక ట్రైపాడ్ మాత్రమే. మిగతాది వీఎల్‌సీ ప్లేయర్, ఒక గూగుల్ షీట్.

ముందు ఫోన్ పెట్టే చోటు గురించి చెప్పాలి. మొదట్లో నెట్ పక్కన పెట్టాం. స్మాష్‌లు బాగా కనిపించేవి గానీ, ఎవరు ఏ స్థానంలో ఉన్నారో తెలిసేది కాదు. ఇప్పుడు మా కోర్టు వెనక స్కూలు మేడ మీద పెడుతున్నాం. ఆరుగురూ కనిపిస్తారు, నెట్ అవతల బ్లాక్ కూడా తెలుస్తుంది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉండాలి. ఒకసారి మధ్యలో కాల్ వచ్చి రికార్డింగ్ ఆగిపోయింది, మూడో సెట్ మొత్తం పోయింది. మా ఫోన్‌లో గంటకు ఏడెనిమిది జీబీ పడుతుంది.

మొదటి షీట్‌లో పద్నాలుగు కాలమ్‌లు పెట్టాం. రెండో సెట్ దాటి ఎవరూ నింపలేదు. ఇప్పుడు అవతలి జట్టు సర్వీస్ చేసిన ర్యాలీలు మాత్రమే రాస్తాం. ఐదే కాలమ్‌లు: వీడియోలో సమయం, సెట్, స్మాషర్లకి బంతి లేపి ఇచ్చే మా లిఫ్టర్ నిలబడ్డ స్థానం (1 నుంచి 6), సర్వీస్ అందుకునే ఫస్ట్ పాస్‌కి మార్కు, ఫలితం. లిఫ్టర్ మూడు వైపులా ఎటైనా ఇవ్వగలిగితే 3, రెండు వైపులకే అయితే 2, ఎత్తుగా లేపడం తప్ప దారి లేకపోతే 1, నేరుగా పాయింట్ పోతే 0. ఇలా మాటల్లో రాసుకోకముందు ఒకే పాస్‌కి ఒకరు 3, ఇంకొకరు 2 వేసేవాళ్లు. వీఎల్‌సీలో `Shift` నొక్కి ఎడమ బాణం కొడితే మూడు సెకన్లు వెనక్కి వెళ్తుంది, అదొక్కటి తెలిస్తే చాలు. ఒక మ్యాచ్‌కి గంటలోపే అయిపోతుంది.

ర్యాలీ గెలిస్తే ఫలితం కాలమ్‌లో W అని రాస్తాం. లిఫ్టర్ 5లో, అంటే వెనక ఎడమ మూలలో ఉన్నప్పుడు ఎంత భాగం గెలిచామో ఇలా వస్తుంది:

```
=COUNTIFS(C:C,5,E:E,"W")/COUNTIF(C:C,5)
```

ఐదు మ్యాచ్‌లు నింపాక చూస్తే మిగతా అయిదు స్థానాల్లో ఒక్కోదాంట్లో దాదాపు 42 సర్వీసులకి 24 గెలిచాం. లిఫ్టర్ 5లో ఉన్నప్పుడు మాత్రం 64కి 24. అంటే నలభై పాయింట్లు అక్కడే ఇచ్చేశాం. ఆ రొటేషన్‌లో వెనక ఆడే కుర్రాడి రిసీవింగే బాగోలేదని అప్పటిదాకా అందరం వాణ్ణే అన్నాం. కానీ పాస్ మార్కుల సగటు అక్కడ 1.9, మిగతా చోట్ల 2.0. వాడి తప్పేమీ లేదు. ఆ అంకె చూసిన రోజు వాడి ముఖం నాకింకా గుర్తుంది.

మరి తప్పెక్కడ? ఆ నలభై క్లిప్పులూ వరసగా చూశాం. ఇరవై ఏడింట్లో ఒకటే కథ. లిఫ్టర్ వెనక ఎడమ మూల నుంచి కోర్టుకి అడ్డంగా పరుగెత్తి నెట్ దగ్గరికొస్తున్నాడు. బంతి చేతికందేసరికి కాళ్లు ఇంకా కదులుతూనే ఉన్నాయి. దాంతో తన వీపు వైపుకి ఇవ్వలేక ప్రతిసారీ ఎడమకే లేపుతున్నాడు. అక్కడ అవతలి ఇద్దరు బ్లాకర్లు ముందే నిలబడి ఉన్నారు.

దిద్దుబాటు చిన్నదే. ముందు వరసలో ఎడమ వైపు ఉండే 4వ స్థానం వాడు నెట్‌కి ఆనుకుని నిలబడతాడు, లిఫ్టర్ సరిగ్గా వాడి వెనకే ఉంటాడు. సర్వీస్ కొట్టే క్షణానికి 4వ వాడి కంటే నెట్‌కి దగ్గరగా ఉండకూడదు, వెనక మధ్యలో ఉండే 6వ వాడికి ఎడమ వైపే ఉండాలి. ఆ రెండూ పాటిస్తే రూల్ తప్పినట్టు కాదు. సర్వర్ బంతిని కొట్టగానే నెట్ వెంబడి పక్కకి వెళ్తాడు. మొదటి మ్యాచ్‌లో తొందరపడి ముందే కదిలితే రిఫరీ రెండుసార్లు పొజిషన్ ఫాల్ట్ ఇచ్చాడు. వెనక ఎడమ మూల ఖాళీ అవుతుంది కాబట్టి ముందు మధ్యలో ఉండే 3వ వాడు కిందికి దిగి అటు చూసుకోవాలి. తర్వాతి నాలుగు మ్యాచ్‌లలో ఆ స్థానంలో 40కి 22 గెలిచాం.

ప్రత్యర్థులు వేరు, లెక్క చిన్నది, కాబట్టి అంతా దీనివల్లే అనను. కానీ బంతి అందుకునేసరికి లిఫ్టర్ కాళ్లు నిలకడగా ఉండటం క్లిప్పుల్లో స్పష్టంగా కనిపిస్తోంది. ఒకే మ్యాచ్‌లో ఒక్కో స్థానానికి పదికి అటూ ఇటూగా ర్యాలీలే వస్తాయి, ఆ అంకెలతో ఎవరినీ మార్చకండి. నెట్ టచ్‌లు, లైన్ మీద పడ్డ బంతులు ఈ వీడియోలో తేలవు.

ఒక తప్పు మాత్రం మేం చేయకుండా ఉండాల్సింది. మొదట్లో తప్పుల క్లిప్పులన్నీ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్లం. ఒక కుర్రాడు రెండు వారాలు ప్రాక్టీస్‌కి రాలేదు. ఇప్పుడు షీట్‌లో పేర్ల కాలమ్ లేదు, స్థానాలే ఉన్నాయి. ఎవరి క్లిప్ వాళ్లకే విడిగా పంపుతాం. ప్రస్తుతం లిఫ్టర్ 1లో ఉన్నప్పటి క్లిప్పులు తీస్తున్నాం. అక్కడ ఎడమ, కుడి స్మాషర్లు తారుమారై నిలబడాల్సి వస్తుంది, ఆ మొదటి స్మాష్ దగ్గరే పాయింట్లు పోతున్నాయని అనుమానం.