ఏడాదిన్నర వాడాక మా ఉద్యోగాల పేజీ, దరఖాస్తు ఫారం: సమీక్ష

మాది బొబ్బిలి దగ్గర ఇనుప సామాను తయారుచేసే చిన్న కంపెనీ. ఫిట్టర్లు, వెల్డర్లు, ఎలక్ట్రీషియన్ల కోసం మొదట ఉచితంగా దొరికే రెడీమేడ్ ఫారం పెట్టాం. అందులో ఫైలు పంపాలంటే మెయిల్‌తో లాగిన్ అవ్వమంటుంది. ఐటీఐ చదివిన కుర్రాళ్లకి ఫోన్లో మెయిల్ ఉంటుంది గానీ పాస్‌వర్డ్ గుర్తుండదు. సగంలో వదిలేసేవారు. అందుకే సొంతంగా చేయించాం. ఆ ఫారం ఎలా ఉండాలో రాసిచ్చింది నేనే, కాబట్టి తప్పుల్లో నా వాటా కూడా ఉంది.

పెద్ద తప్పు సర్టిఫికేట్ దగ్గర జరిగింది. ఫొటో తీసి పంపడం సులువని ఇలా పెట్టించాను:

```html
<input type="file" name="cert"
  accept="image/*" capture="environment">
```

మొదటి వారంలో వచ్చిన ఫొటోల మీద అడ్డంగా చారలు, పక్కన ఇంకో ఫోన్ అంచు, వేలి నీడ. సర్టిఫికేట్ నంబరు చదవలేకపోయాం. ఒకబ్బాయికి ఫోన్ చేస్తే, "ఒరిజినల్ ఇంటికాడ ఉందండీ, నేను వైజాగ్‌లో ఉన్నాను. మా తమ్ముడు వాట్సాప్‌లో పంపాడు. మీ ఫారం నొక్కితే కెమెరాయే తెరుచుకుంటోంది, అందుకే తమ్ముడి ఫొటోని ఇంకో ఫోన్లో తెరిచి తీశాను" అన్నాడు. `capture` ఉంటే చాలా ఫోన్లు గ్యాలరీని చూపించవు, నేరుగా కెమెరాకే వెళ్తాయి. ఆ ఒక్క మాట తీసేసి, పీడీఎఫ్ కూడా తీసుకునేలా `application/pdf` చేర్చాక చారలు మళ్లీ కనబడలేదు.

రెండోది సైజు. 2 ఎంబీ పరిమితి పెట్టాం. ఫోన్ కెమెరా ఫొటో తరచుగా అంతకంటే పెద్దదే. దాటితే ఎర్ర అక్షరాల్లో తప్పు చూపించి, నింపినదంతా చెరిపేసేది. ఇప్పుడు పంపే ముందు ఫోన్లోనే ఫొటోని 1600 పిక్సెళ్లకు తగ్గిస్తుంది, నంబరు చదవగలిగేంత స్పష్టంగానే వస్తోంది. ఫైలు ఎక్కకపోయినా మిగతా వివరాలు పోవు. పరీక్ష రాసి ఎదురుచూసేవాళ్ల కోసం "రిజల్ట్ రాలేదు" అని ఒక టిక్ పెట్టాం. అది లేకపోతే పదో తరగతి మార్కుల జాబితా పంపేవారు, పాపం.

పేజీలో బాగా పనిచేసినది జీతం, షిఫ్టు వేళలు, రాత్రి షిఫ్టుకి కంపెనీ బండి ఏ ఊళ్ల మీదుగా వస్తుందో మొదట్లోనే రాయడం. మా ఎండీ గారికి జీతం రాయడం ఇష్టం లేదు. రాశాక "ఎంత ఇస్తారండీ" అని అడిగి పెట్టేసే ఫోన్లు బాగా తగ్గాయి, ఇప్పుడు ఆయన ఆ సంగతి ఎత్తడం లేదు. మెయిల్ గడి తీసేశాం, దాని కోసం ఎవరూ అడగలేదు.

ఇప్పటికీ తేలనిది ఫోన్ నంబరు. `type="tel"` పెట్టాం, పది అంకెలు ఉన్నాయో లేదో చూస్తాం, అయినా ఒకసారి ఏడు దరఖాస్తులు ఒకే నంబరుతో వచ్చాయి. ఫోన్ చేస్తే ఎత్తింది నెట్ సెంటర్ ఆయన. "ఆ కుర్రాడు ఇప్పుడే వెళ్లాడండి, రేపు వస్తే చెప్తాను" అన్నాడు.