ర్యాంకిన్ ఓవల్‌లో స్తబ్ధ బిందువులు: వేగంతో వెతకాలా, స్ట్రీమ్ ఫంక్షన్‌తోనా?

ఎడమ నుంచి కుడికి సమవేగంతో సాగే ప్రవాహంలో ముందు సోర్సును, దాని వెనుక అంతే బలమున్న సింకును పెడితే ర్యాంకిన్ ఓవల్ ఏర్పడుతుంది. వేగం సున్నా అయ్యే దాని రెండు కొనలను పట్టుకోవడానికి ఎక్కువమంది స్ట్రీమ్ ఫంక్షన్ ψ సున్నా అయ్యే గీతను గీసి చూస్తారు. నేను మాత్రం వేగం వైపే మొగ్గుతాను.

ప్రవాహ వేగం U = 2 మీ/సె, సోర్సు x = −1 దగ్గర, సింకు x = +1 దగ్గర (a = 1 మీ), బలం m = 2.5π మీ²/సె అనుకుందాం. అక్షం మీద వేగం:

u = U − ma / [π(x² − a²)]

దీన్ని సున్నా చేస్తే x² = 1 + 1.25, అంటే x = ±1.5 మీ. సరిచూడటమూ సులువే. ఎడమ కొన దగ్గర సోర్సు 2.5 మీ/సె వేగంతో ఎదురు తోస్తుంది. ప్రవాహపు 2, సింకు లాగే 0.5 కలిసి దాన్ని సరిగ్గా రద్దు చేస్తాయి. సింకును మరిచిపోతే బిందువు 1.625 దగ్గరకు జరుగుతుంది; ఈ తప్పు తరచూ కనిపిస్తుంది.

స్ట్రీమ్ ఫంక్షన్‌తో చిక్కేమిటంటే, ఓవల్ అంచుతో పాటు బయట ఉన్న అక్షం మీద కూడా ψ సున్నాయే. ఆ రెండు గీతలు కలిసేది స్తబ్ధ బిందువు దగ్గరే, అక్కడ ψ చాలా మెల్లగా మారుతుంది. మన ఉదాహరణలో ψ విలువ 0.01 తప్పితే గీత ఆ బిందువుకు సుమారు 6.5 సెం.మీ. దూరం జరుగుతుంది. వేగంలో 0.01 మీ/సె తేడా వస్తే జరిగేది 2 మి.మీ. మాత్రమే. కంప్యూటర్‌లో గీసేవారికి మరో ఉచ్చు ఉంది. సోర్సు, సింకుల దగ్గరి రెండు కోణాలను కలిపి `atan` వాడితే x² + y² = a² వృత్తం దగ్గర విలువ ఒక్కసారిగా దూకి, ఓవల్ పైభాగం తెగిపోతుంది. అక్కడ `atan2(2*a*y, x*x+y*y-a*a)` వాడాలి.

అలాగని ψను పక్కన పెట్టలేం. ఓవల్ మందంలో సగమైన h కావాలంటే అదే దారి: h = 1.25 tan⁻¹(1/h). కొన్నిసార్లు విలువలు మార్చి చూస్తే h ≈ 0.989 మీ. వస్తుంది, మొత్తం ఎత్తు సుమారు 1.98 మీ.

అక్షం మీది వేగానికీ ఒక హద్దు ఉంది. సోర్సు, సింకు స్థానాలు తారుమారైతే x² = 1 − 1.25 అవుతుంది, అక్షం మీద ఏ బిందువూ దొరకదు. నిజానికి స్తబ్ధ బిందువులు y = ±0.5 దగ్గర ఉంటాయి. ఏది ముందుందో ఖాయంగా తెలియనప్పుడు సంకీర్ణ వేగం dw/dzని సున్నా చేయడమే మేలు; z = ±0.5i అని నేరుగా తేలిపోతుంది.