ఒకవైపు D కొలవాలా, రెండువైపులా 2D కొలవాలా?

విజయవాడ, గుంటూరు కాలేజీ ల్యాబుల్లో సోడియం దీపం, 60° పట్టకంతో చేసే స్పెక్ట్రోమీటర్ ప్రయోగంలో ఎక్కువమంది ఎంచుకునేది మొదటి దారి: కనిష్ఠ విచలనం దగ్గర ఒక రీడింగు, పట్టకం తీసేసి నేరు కిరణానికి మరొకటి, రెంటి తేడా కనిష్ఠ విచలన కోణం D. రెండో దారిలో నేరు కిరణంతో పనే లేదు. ప్రిజం బల్ల తిప్పి కిరణాన్ని ఎడమకు, తర్వాత కుడికి వంచి, రెండుచోట్లా కనిష్ఠ స్థానం చదివితే తేడా 2D వస్తుంది.

ఎడమ 217°11', కుడి 142°49' అనుకోండి. తేడా 74°22', D = 37°11'. పట్టకం కోణం A = 60° కాబట్టి దాని వక్రీభవన గుణకం n ఇలా వస్తుంది:

n = sin((A+D)/2) / sin(A/2) = 1.5000

అదే నేరు కిరణాన్ని 180°00' బదులు 180°02'గా చదివితే, మొదటి దారిలో D 37°09'కి పడిపోయి n 1.4996 అవుతుంది. వెడల్పైన స్లిట్‌లో క్రాస్‌వైరును ఓ అంచున పెట్టి, ఇంకోసారి మరో అంచున పెడితే ఈ రెండు నిమిషాలు తేలిగ్గా వచ్చేస్తాయి.

ప్రతి రీడింగులో 1' అనిశ్చితి ఉంటే, మొదటి దారిలో D అనిశ్చితి 1.4'. రెండో దారిలో తేడాను సగం చేస్తాం కాబట్టి 0.7' చాలు. n పరంగా ఇవి సుమారు 0.0003, 0.00014. కోణం A అనిశ్చితి దీనికి అదనం.

అయితే రెండో దారీ సర్వరోగ నివారిణి కాదు. బల్ల కనిష్ఠ స్థానానికి 1° పక్కన ఆగితే D దాదాపు 1' పెరుగుతుంది, ఎటు తప్పినా పెరగడమే. రెండువైపులా అలాగే ఆగితే సగటు దాన్ని చెరపలేదు. ప్రతిబింబం వెనక్కి మళ్లే చోటును రెండు దిశల నుంచీ చూసి, అప్పుడే బల్ల బిగించాలి.