కౌంటర్ ఆఫర్ లెటర్: జీతం పెంచితే మేలా, పని మారిస్తే మేలా?

"టీమ్‌లో బాగా పనిచేసే మనిషి రిజైన్ చేశారు, వెళ్లకుండా ఆపడానికి ఇచ్చే కౌంటర్ ఆఫర్‌లో ఏం రాయాలి?" అని తోటి మేనేజర్లు తరచూ అడుగుతుంటారు. పోయిన నెల నా టీమ్‌లోనే ఆ పరిస్థితి వచ్చింది. ఆమె సీనియర్ ఇంజనీర్, ఏడాదికి 24 లక్షలు. బయటి ఆఫర్ 34 లక్షలు.

మొదటి దారి 34కి 34 ఇచ్చేయడం. ముందు ఆ అంకెను విప్పి చూడాలి. అందులో ఫిక్స్‌డ్ 27, వేరియబుల్ 4, ఒక్కసారే వచ్చే జాయినింగ్ బోనస్ 3. మా దగ్గర ఆమె ఫిక్స్‌డ్ 22, వేరియబుల్ 2. అంటే ఏటా ఖాయంగా చేతికొచ్చే దాంట్లో తేడా 5 లక్షలే. మొత్తం 34 ఇస్తే అదే బ్యాండ్‌లో ఉన్న మిగతా వాళ్లకు ఏం చెప్పాలి?

రెండో దారి, నేను ఎంచుకున్నది, పని మార్చడం. ఎందుకు వెళ్తున్నావని అడిగితే ఆమె తన ఫోన్ నా ముందు పెట్టింది. ఆ వారంలో రాత్రి 1 దాటాక వచ్చిన అలర్ట్‌లు పదకొండు. "సార్, రెండేళ్ల నుంచి డిజైన్ పని ఇస్తామంటున్నారు" అంది. ఆ మాట నిజం. ఆ "ఇస్తామంటున్నారు" మళ్లీ లెటర్‌లోకి రాకూడదు. "త్వరలో", "వీలునుబట్టి" అని రాస్తే పని మారనట్టే. అందుకే ఏ తేదీ నుంచి ఏ మాడ్యూల్‌కు లీడ్, ఎవరికి రిపోర్ట్ చేయాలి, ఆ రాత్రి అలర్ట్‌లు చూసే ఆమె ఆన్‌కాల్ డ్యూటీ ఎవరు తీసుకుంటారు అన్నవి రాశాను. ఆన్‌కాల్ తీసుకునే అబ్బాయితో ముందే మాట్లాడాను, మా డైరెక్టర్ అప్రూవల్ కూడా ముందే తెచ్చుకున్నాను. ఫిక్స్‌డ్ 26 చేశాం. బయటి ఆఫర్‌లోని ఫిక్స్‌డ్ కంటే లక్ష తక్కువ, నెలకు ఎనిమిది వేల పైచిలుకు. ఆ తేడా దాచకుండా ఆమెకే చెప్పాను.

రిటెన్షన్ బోనస్ మూడో దారి. ఏడాది ఆగితే ఇస్తాం అంటే, ఆ ఏడాది నిండగానే మళ్లీ రిజిగ్నేషన్ వస్తుంది. ఒక ప్రాజెక్ట్ ముగిసేదాకా మనిషి కావాలంటే సరిపోతుంది, అంతే.

గడువు విషయంలో చాలామంది మొహమాటపడతారు. నోటీస్ 90 రోజులుంది కదా అని వదిలేస్తే, మన లెటర్ చూపించి ఇంకో ఆఫర్ పెంచుకోవచ్చు. ఈలోపు ఆమె స్థానంలో మనిషిని తీసుకోవాలో వద్దో మనకు తేలదు, ఆమె పని ఇంకొకరికి నేర్పించే కేటీ మొదలుకాదు. ఒక్క రోజే ఇస్తే ఇంట్లో మాట్లాడుకునే వీలుండదు. మంగళవారం లెటర్ ఇచ్చి ఇలా రాశాను: "శుక్రవారం సాయంత్రం 5 గంటలలోగా మెయిల్ ద్వారా అంగీకారం తెలిపి, రాజీనామాను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోవాలి. లేకపోతే ఈ ఆఫర్ రద్దవుతుంది, మీ చివరి పనిదినం మారదు."

గురువారం ఆమె ఒక్కటే అడిగింది: ఆన్‌కాల్ మార్పు తేదీ దాటితే ఏమిటి? అలా దాటితే ఆమె నోటీస్ 90కి బదులు 30 రోజులే అని ఒక వాక్యం చేర్చి లెటర్ మళ్లీ ఇచ్చాం. శుక్రవారం మధ్యాహ్నం ఒప్పుకుంటూ మెయిల్ వచ్చింది.