బోర్డు ఫోటోలోంచి బొబ్బిలి బస్సులు: రెండేళ్లు వాడాక

మా అమ్మ బొబ్బిలిలో ఉంటుంది, నా ఉద్యోగం విజయనగరంలో. ఆర్టీసీ కాంప్లెక్స్‌లోని బస్సు వేళల బోర్డును ఫోటో తీసి, అందులోంచి బొబ్బిలి బస్సులను ఏరుకోవడం రెండేళ్లుగా నాకు అలవాటు. ఇందుకు ఫోటోలోని అక్షరాలను చదివిపెట్టే సదుపాయాన్ని నా ఫోనులో వాడుతున్నాను.

అక్షరాలు బాగానే చదువుతుంది. తడబడేది వరుసల దగ్గర. బోర్డు మీద ఊరు, మీదుగా, సమయం అని మూడు నిలువు గళ్లు ఉంటాయి. పక్కన నిలబడి తీసిన ఫోటో ఇస్తే ఊళ్లన్నీ ఒకచోట, వేళలన్నీ ఇంకొకచోట దించేస్తుంది. ఒకసారి బొబ్బిలి బస్సుకు 16.20 అని చూపింది. నాలుగు దాటాక కాంప్లెక్స్‌కు చేరితే, ఆ బస్సు 15.50కే వెళ్లిపోయిందని తెలిసింది. ఇంటికొచ్చి ఫోటోను పెద్దది చేసి చూశాను. ట్యూబులైటు వెలుగు పడి 15.50 తెల్లగా చెరిగిపోయింది. కిందనున్న వేళలన్నీ ఒక్కో వరుస పైకి జరిగి, సాలూరు బస్సు వేళ బొబ్బిలి పక్కన చేరింది. ఊళ్లు 14, వేళలు 13 ఉన్నాయి. లెక్కపెట్టి ఉంటే అప్పుడే దొరికేది.

అప్పటి నుంచి బోర్డుకు ఎదురుగా నిలబడి తీస్తున్నాను. పొడుగు బోర్డయితే రెండు ఫోటోలు తీస్తాను, మొదటి దాని చివరి వరుస రెండో దానిలోనూ పడేటట్టు. ఊళ్లూ వేళలూ సమానంగా వచ్చాయో లేదో లెక్కపెట్టి, వేళలను పైనుంచి కిందికి చదువుతాను. 13.10కీ 14.00కీ నడుమ 18.35 కనబడితే అది 13.35 అయి ఉంటుంది. మూడును ఎనిమిదిగా చదవడం దీనికి మామూలే. వేళల వరుసలో రాసిన బోర్డుకే ఈ పరీక్ష పనికొస్తుంది. ఊరి వారీగా రాసినదైతే ఒక్కో ఊరి వేళలను విడిగా చూడాలి.

బొబ్బిలి అనే పేరుతోనే వెతికితే సగం బస్సులు జారిపోతాయి. పార్వతీపురం వెళ్లేవి బొబ్బిలి మీదుగానే పోతాయి కదా! అందుకే 'మీదుగా' గడి తప్పక చూడాలి. సాలూరు బస్సు మాత్రం రామభద్రపురం దాకానే మన దారి, అక్కడినుంచి వేరే వైపు తిరుగుతుంది. ఆ గడిలో 'పైదే' అని చెప్పడానికి వేసే రెండు చిన్న గీతలను ఫోను 11గా చదివి, పక్కనున్న వేళకు అంటిస్తుంది. ఎక్కడైనా వింతగా 11 కనబడితే ముందు ఫోటో చూస్తాను.

ఐదుకు నాలుగు ఇస్తాను. జాబితా మీద ఫోటో తీసిన తేదీ కూడా రాసి అమ్మకు పంపుతాను. బోర్డు మీద కొత్త రంగు వేసినా, కాగితం అతికించినా మళ్లీ ఫోటో తీయాల్సిందే.