జూలో కంచె, అద్దం "మాయం చేసే" కెమెరా కిట్ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

లెన్స్ ముందు తగిలించే ఒక రబ్బరు హుడ్, ప్రతిబింబాల మెరుపు తగ్గించే ఒక పోలరైజర్ ఫిల్టర్, లెన్స్ తుడిచే గుడ్డ. ఈ మూడింటినీ ఒక డబ్బాలో పెట్టి జూ ఫొటోల కిట్ అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. ప్రకటనలో పులి బొమ్మ వేసి, కంచె మాయం, అద్దం మాయం అని రాస్తున్నారు. కొన్నవాళ్ల గోడు దాదాపు ఒకేలా ఉంటోంది: అద్దం దగ్గర కొంత పనిచేసింది, కంచె దగ్గర మాత్రం పులి ఒంటి మీద అడ్డగీతలు అలాగే ఉన్నాయి. సరుకు పాడైనది వచ్చిందనుకుని మార్పించుకుంటున్నారు, రెండోదీ అంతే. కంచెను కనపడకుండా చేసే గుణం ఆ డబ్బాలో దేనికీ లేదు.

కంచె పని లెన్స్‌దే. లెన్స్‌లోంచి వెలుగు దూరే కన్నం తీగ మందం కంటే ఎన్నో రెట్లు పెద్దగా ఉంటే, తీగ పక్కల నుంచి జంతువు కనిపిస్తూనే ఉంటుంది. తీగ పలచటి మసకగా పరుచుకుపోతుంది. ఆ కన్నం ఎంతో తెలియాలంటే చిన్న భాగహారం చాలు: లెన్స్ మీద రాసిన ఎంఎం సంఖ్యను, కెమెరా తెర మీద f పక్కన కనిపించే ఎఫ్ సంఖ్యతో భాగించాలి. 250 ఎంఎం జూమ్‌ను f/5.6 దగ్గర వాడితే కన్నం సుమారు 45 మి.మీ. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 దగ్గర అదే f/5.6లో వాడితే 10 మి.మీ. మాత్రమే. 3 మి.మీ. తీగకు ఆ పది ఏ మూలకూ చాలదు.

ఇక్కడే ఇంకో బుట్టలో పడుతుంటారు. లెన్స్ మార్చడానికి వీల్లేని జూమ్ కెమెరాల డబ్బా మీద 600 ఎంఎం అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది పెద్ద కెమెరాతో పోల్చి చెప్పే సంఖ్య. చిన్న సెన్సర్ ఉన్న చాలా మోడళ్లలో అసలు సంఖ్య 107 చుట్టుపక్కల ఉంటుంది. ఎఫ్ 5.9 అనుకుంటే కన్నం 18 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. లెక్కకు లెన్స్ అంచు మీద ముద్రించిన అసలు సంఖ్యనే తీసుకోండి.

ఒక కేసు లెక్క వేసి చూద్దాం. మన జూలలో చాలా ఎన్‌క్లోజర్ల ముందు రెయిలింగ్ ఉంటుంది కాబట్టి మీరు కంచెకు మీటరున్నర దూరంలో ఉన్నారనుకోండి. చేతిలో 250 ఎంఎం, f/5.6. చిరుత మీకు పది మీటర్ల దూరంలో పడుకుని ఉంది. మీ నుంచి కంచెకున్న దూరాన్ని చిరుతకున్న దూరంతో భాగిస్తే 0.15. అంటే కన్నంలో మిగిలిన 85 శాతం మేర, దాదాపు 38 మి.మీ. వెడల్పున తీగ మసకబారుతుంది. 3 మి.మీ. తీగ 38 మి.మీ. మీద పరుచుకుంటే అది కమ్మే నీడ 8 శాతం. కంటికి గీతగా కనపడదు, ఫొటో కాస్త పాలిపోయినట్టుంటుంది. ఎడిటింగ్‌లో కాంట్రాస్ట్ కొంచెం పెంచితే సరి.

అదే చిరుత లేచి వచ్చి కంచెకు ఒక్క మీటరు లోపల నిలబడిందనుకోండి. ఇప్పుడు అది మీకు రెండున్నర మీటర్లు, కంచె మీటరున్నర. మసక వెడల్పు 18 మి.మీ.కి పడిపోతుంది, నీడ 17 శాతానికి ఎక్కుతుంది. ముఖం మీద బూడిదరంగు పట్టీలు స్పష్టంగా తెలుస్తాయి. కెమెరా అదే, లెన్స్ అదే, జంతువు దగ్గరికొచ్చినందుకే ఫొటో పాడయింది. కాబట్టి జంతువు కంచెకు దూరంగా ఉన్నప్పుడే తీయండి. తీగలు ముడిపడే చోట నీడ ఇంకా ముదురుతుంది కనుక, ముఖం ఆ ముడి మీద పడకుండా ఓ అడుగు పక్కకు జరగండి.

ఎండలో కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే అది f/8కో f/11కో పోయి కన్నాన్ని బాగా కుదించేస్తుంది, మాయమైన కంచె తిరిగొస్తుంది. ఎఫ్ సంఖ్యను మనమే ఎంచుకునే A లేదా Av మోడ్ పెట్టి, వీలైనంత చిన్న ఎఫ్ సంఖ్య ఉంచండి. ఫోకస్ ఒకే పాయింట్‌తో, ఆ పాయింట్ కంచె గడి మధ్యలోంచి పోయేలా. ఎండ పడి మెరుస్తున్న తీగ మీద ఏ లెక్కా పనిచేయదు, తెల్లటి పొగ కమ్మినట్టు వస్తుంది. తీగ నీడలో ఉన్న వైపు వెతుక్కోండి. హైదరాబాద్ నెహ్రూ జూలో కందకం ఉన్న ఎన్‌క్లోజర్ల దగ్గర ఈ గొడవే ఉండదు.

ఇక హుడ్. ఇది అద్దానికి పనికొచ్చేదే, అన్యాయం చేయకూడదు. మెత్తటి రబ్బరు అంచు అద్దానికి పూర్తిగా ఆనితే వెనుక నుంచి వెలుగు రాదు, మీ తెల్లచొక్కా ప్రతిబింబమూ రాదు. పది పదిహేను డిగ్రీలు వాలిస్తే చాలు, ఒక పక్క సందు తెరుచుకుని ఫ్రేమ్ అంచున నెలవంకలా తెల్లటి చార వస్తుంది. ఫొటోలో అది కనిపిస్తే తప్పు హుడ్ పట్టుకున్న తీరుదే. అన్ని లెన్స్‌లకూ సరిపోతుందని అమ్మే క్లాంప్ రకం మాత్రం నొక్కగానే జారుతుంది. లెన్స్ మీద Ø గుర్తు పక్కనున్న సంఖ్య, ఉదాహరణకు 58, చూసి అదే థ్రెడ్‌ది కొనండి. షటర్ సగం నొక్కినప్పుడు లెన్స్ ముందు భాగం తిరిగితే, దాన్ని అద్దానికి నొక్కిపెట్టి ఫోకస్ చేయొద్దు, మోటారు మీద భారం పడుతుంది.

కిట్‌లో అసలు దండగ పోలరైజర్. అద్దానికి ఎదురుగా నిలబడి తీసే ఫొటోలో ప్రతిబింబాన్ని అది తగ్గించలేదు. ఎదురుగా తగిలి తిరిగొచ్చే వెలుగులో అది పట్టగల గుణమే లేదు. అద్దానికి ఎదురుగా ఉన్న గీత నుంచి 56 డిగ్రీల మేర పక్కకు జరిగితేనే బాగా పనిచేస్తుంది. అంత ఏటవాలుగా మందపాటి అద్దంలోంచి తీస్తే బొమ్మ పదును పోతుంది, హుడ్ ఆనదు. పైగా వెలుగును ఒకటిన్నర స్టాప్, అంటే దాదాపు మూడింట రెండొంతులు మింగేస్తుంది. చీకటి ఎన్‌క్లోజర్‌లో షటర్ వేగం 1/125 సెకను రావలసిన చోట 1/40కి దిగుతుంది, కదిలే కోతి చారలుగా వస్తుంది. అద్దానికి హుడ్ ఆనించగలిగినప్పుడు ఫిల్టర్ తీసేయండి.

కొన్నిసార్లు అసలు పోలరైజర్‌కు బదులు రంగు పూసిన అద్దం పంపుతారు. రిటర్న్ గడువులోనే తేల్చుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి, ఫిల్టర్‌ను కెమెరాకు బిగించే వైపు మీ కంటికి ఉండేలా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. అసలుదైతే ఒకచోట తెర నల్లబడుతుంది. తిరగేసి చూస్తే తెర నల్లబడదు, రంగు మాత్రం పసుపు, నీలం మధ్య మారుతుంది. ఎటు తిప్పినా మసక ఒకేలా ఉంటే వెంటనే వీడియో తీసి, దాన్ని రిటర్న్ అభ్యర్థనకు జతచేయండి.

లెన్స్ కొనబోయేవాళ్లు షాపుకి దగ్గరున్న జాలీ గేటు దగ్గర ఒక ఫొటో తీసుకోనివ్వమని అడగండి. గేటుకి మీటరున్నర దూరంలో నిలబడి, గేటు అవతల పదిమీటర్ల దూరంలో ఉన్న బండి నంబరు ప్లేటు మీద ఫోకస్ చేసి తీయండి. జాలీ గీతలు అడ్డం లేకుండా అంకెలు చదవగలిగితే ఆ లెన్స్ జూకి సరిపోతుంది.